ఒకే లింకు, మూడు వేరియన్సులు, మూడు జవాబులు

లీనియర్ రిగ్రెషన్ నేర్చుకున్న ఎవరికైనా `y = a + bx + ε` అనే సమీకరణం కంఠస్థమై ఉంటుంది. తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేలా a, b లను ఎలా ఎంచుకుంటామో కూడా తెలిసే ఉంటుంది. అయితే ఈ ఒక్క వరుసలో రెండు వేర్వేరు ఒప్పందాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది సగటుకు సంబంధించినది: x మారుతున్నకొద్దీ y సగటు ఒక సరళరేఖ మీద కదులుతుంది. రెండోది చెదురుకు సంబంధించినది: ఆ సగటు చుట్టూ y ఎంతగా చెదిరి ఉంటుందో అది అంతటా ఒకటే. సగటు 3 అయినా, 300 అయినా ε వేరియన్స్ మారదు.

ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. సగటు వంపు తిరిగి, చెదురు మాత్రం స్థిరంగా ఉండవచ్చు. సగటు తిన్నగా సాగుతూ, చెదురు పెరుగుతూ పోవచ్చు. రెండింటినీ విడదీసి, దేనికి దాన్ని విడివిడిగా మార్చుకునే వీలు కల్పించేదే జనరలైజ్డ్ లీనియర్ మోడల్, పొట్టిగా జీఎల్ఎం. మొదటి ఒప్పందాన్ని సడలించేది లింక్ ఫంక్షన్. రెండోదాన్ని సడలించేది వేరియన్స్ ఫంక్షన్. 1972లో జాన్ నెల్డర్, రాబర్ట్ వెడర్‌బర్న్ ఈ పేరుతో వ్యాసం రాసేనాటికే లాజిస్టిక్ మోడల్, ప్రోబిట్ మోడల్, గణనలకు వాడే లాగ్-లీనియర్ మోడల్ అన్నీ విడివిడిగా వాడుకలో ఉన్నాయి. అవన్నీ ఒకే చట్రంలో ఇముడుతాయనీ, అన్నింటినీ ఒకే లెక్కింపు పద్ధతితో సాధించవచ్చనీ వారిద్దరూ చూపించారు.

పాఠ్యపుస్తకాలు ఈ విషయాన్ని సాధారణంగా ఎక్స్‌పొనెన్షియల్ ఫ్యామిలీ అనే విభాజనాల కుటుంబంతో మొదలుపెడతాయి. నా దృష్టిలో కొత్తవారికి అది తప్పు ద్వారం. లీనియర్ రిగ్రెషన్ తెలిసినవారు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. సగటు ఏ కొలమానం మీద సరళరేఖ అవుతుంది? సగటు పెరిగితే చెదురు ఎంత పెరుగుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు లింకు, రెండోదానికి జవాబు వేరియన్స్ ఫంక్షన్. వీటిలో లింకు గురించి అందరూ మాట్లాడతారు. వేరియన్స్ ఫంక్షన్ మాత్రం మౌనంగా ఒక మూల కూర్చుని జవాబును శాసిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

చేతితో లెక్కకట్టగలిగే ఉదాహరణ

ఒక ద్రావణంలో కణాలు పెరుగుతున్నాయి. గంటకొకసారి ఒకే పరిమాణంలో ద్రావణం తీసి, సూక్ష్మదర్శిని కింద కణాలను లెక్కపెట్టారనుకుందాం. సున్నా గంట దగ్గర 4, ఒక గంటకు 6, రెండు గంటలకు 24 కనిపించాయి. మూడే బిందువులు. నిజమైన అధ్యయనానికి ఇవి ఏమాత్రం చాలవు. కానీ మూడే కావడం వల్ల ప్రతి అడుగూ కాగితం మీద చూడవచ్చు, ఏ బిందువు జవాబును ఎటు లాగుతోందో కంటికి కనిపిస్తుంది.

ముందుగా మామూలు లీనియర్ రిగ్రెషన్ చేద్దాం. వాలు 10, అంతరఖండం 1.33 వస్తాయి. అంచనాలు 1.33, 11.33, 21.33. ఇదే గీతను ఒక గంట వెనక్కి పొడిగిస్తే −8.67 కణాలు ఉన్నట్టు చెబుతుంది. కణాల సంఖ్య రుణాత్మకం కాదు. అంతకన్నా లోతైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. కణాలు విభజన వల్ల పెరుగుతాయి కాబట్టి గంటగంటకూ సగటు ఒకే సంఖ్యతో హెచ్చించబడుతుంది, ఒకే సంఖ్య దానికి కూడబడదు. గంటకు పది కణాలు చేరతాయనడం కన్నా, గంటకు ఇన్ని రెట్లు అవుతాయనడమే ఇక్కడ అర్థవంతమైన మాట.

సగటును μ అందాం. గంటకు r రెట్లు పెరుగుతుందంటే `μ = m·rˣ`. రెండువైపులా లాగ్ తీసుకుంటే `log μ = log m + x·log r`. ఇప్పుడు కుడివైపు మనకు బాగా తెలిసిన a + bx వచ్చేసింది. a అంటే log m, b అంటే log r. ఈ a + bx విలువను η అని రాసి లీనియర్ ప్రిడిక్టర్ అంటారు. μ ను η తో కలిపే ఫంక్షనే లింకు: `g(μ) = η`. ఇక్కడ g అంటే లాగ్. లీనియర్ రిగ్రెషన్‌లో g ఏమీ చేయదు, μ నే తిరిగి ఇస్తుంది. దాన్ని ఐడెంటిటీ లింకు అంటారు.

లింకు వల్ల ఒకేసారి రెండు పనులు జరిగాయి. η ఎంత రుణాత్మకమైనా μ ధనాత్మకంగానే ఉంటుంది కాబట్టి అసాధ్యమైన అంచనాలు తొలగిపోయాయి. రెండోది, నాకు ఎక్కువ ముఖ్యంగా తోచేది, గుణకం అర్థం మారింది. x ఒక ప్రమాణం పెరిగితే సగటుకు b కూడుతుందని ఇక చెప్పలేం. సగటు `exp(b)` రెట్లు అవుతుందని చెప్పాలి.

లాగ్ ఎవరికి తీసుకుంటున్నాం?

ఈ చోట లీనియర్ రిగ్రెషన్ తెలిసినవారికి వెంటనే ఒక సందేహం వస్తుంది. y లకే లాగ్ తీసుకుని మామూలు రిగ్రెషన్ చేస్తే సరిపోదా? ఎన్నో ఏళ్లుగా అందరూ చేస్తున్నది అదే కదా? చేయవచ్చు. కాకపోతే అది వేరే మోడల్.

y కి లాగ్ తీసుకున్నప్పుడు మనం మోడల్ చేస్తున్నది లాగ్‌ల సగటును. జీఎల్ఎంలో మోడల్ చేస్తున్నది సగటు యొక్క లాగ్‌ను. 4, 6, 24 లనే చూడండి. వీటి సగటు 11.33. వీటి లాగ్‌ల సగటు తీసి, తిరిగి మామూలు కొలమానానికి తెస్తే 8.32 వస్తుంది. అది గుణాత్మక సగటు, అంటే మూడింటి లబ్ధానికి ఘనమూలం. విలువలు ఎంతగా చెదిరి ఉంటే ఈ రెండు సగటుల మధ్య దూరం అంత పెరుగుతుంది. మొత్తం ఎన్ని కణాలు ఉంటాయో, మొత్తం ఎంత ఖర్చవుతుందో చెప్పాల్సివచ్చినప్పుడు గుణాత్మక సగటు మనను ఎప్పుడూ తక్కువ వైపే తోస్తుంది.

ఇంకో ఇబ్బంది మరీ మొరటుది. ఏదో ఒక గంటలో కణాలు ఒక్కటీ కనిపించకపోతే log 0 తీసుకోలేం. అప్పుడు ప్రతి y కి 1 కలిపో, 0.5 కలిపో లాగ్ తీసుకునే అలవాటు పుట్టింది. ఎంత కలిపితే అంత జవాబు మారుతుంది, ఎంత కలపాలో చెప్పే సూత్రమేదీ లేదు. జీఎల్ఎంలో లాగ్ పడేది μ మీద మాత్రమే. y సున్నా అయినా μ సున్నా కానవసరం లేదు. సగటు 0.7 ఉన్నచోట సున్నా కనిపించడం వింతేమీ కాదు, కాబట్టి డేటాను తాకకుండానే పని జరుగుతుంది.

y ని మార్చినప్పుడు జరిగే మూడో సంగతి అందరికన్నా నిశ్శబ్దమైనది. సగటు ఆకారాన్ని సరిచేయడానికి లాగ్ తీసుకుంటాం, కానీ దాంతోపాటు చెదురు ఆకారం కూడా మారిపోతుంది. రెండింటికీ ఒకే మీట. ఒకదానికోసం దాన్ని తిప్పితే రెండోది కూడా తిరుగుతుంది. జీఎల్ఎంలో రెండు మీటలు ఉన్నాయి. ఇక రెండో మీట దగ్గరికి వద్దాం.

వేరియన్స్ ఫంక్షన్ నిజంగా చేసే పని

జీఎల్ఎంలో y వేరియన్స్‌ను `Var(y) = φ·V(μ)` అని రాస్తాం. φ ఒక స్థిరాంకం. V(μ) అనేదే వేరియన్స్ ఫంక్షన్, సగటు మారుతుంటే చెదురు ఎలా మారుతుందో చెప్పే నియమం. లీనియర్ రిగ్రెషన్‌లో V(μ) = 1, అంటే సగటుతో నిమిత్తం లేదు, φ నే మనం σ² అంటున్నాం. పాయిజాన్ గణనల్లో V(μ) = μ, φ = 1. గామా విభాజనంలో V(μ) = μ².

ఈ మూడు నియమాలు లోకంలో మూడు రకాల చెదురును వర్ణిస్తాయి. కొలిచే పరికరం ఎంత పెద్ద విలువనైనా ±2 ప్రమాణాల పొరపాటుతో చూపిస్తుంటే మొదటిది. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగే సంఘటనలను లెక్కపెడుతుంటే రెండోది. అక్కడ సగటు 4 అయితే ప్రామాణిక విచలనం 2, అంటే సగటులో సగం. సగటు 100 అయితే ప్రామాణిక విచలనం 10, అంటే పదో వంతు. సంఖ్య పెరిగేకొద్దీ చెదురు పెరుగుతుంది, కానీ సాపేక్షంగా చూస్తే తగ్గుతుంది. చెదురు ఎప్పుడూ సగటులో ఒకే శాతంగా ఉంటే మూడోది. చికిత్సల ఖర్చులు, ఎదురుచూసే సమయాలు, బీమా క్లెయిముల మొత్తాలు తరచు ఇలాగే ప్రవర్తిస్తాయి.

ఇప్పుడు అసలు సమీకరణం. a, b లను కనుక్కోవడానికి జీఎల్ఎం సాధించేది ఇది:

```
Σ  (y − μ) / V(μ) · (dμ/dη) · x  =  0
```

b కోసం పై వరుస, a కోసం x స్థానంలో 1 పెట్టిన వరుస. V(μ) = 1, dμ/dη = 1 పెట్టి చూడండి. `Σ (y − μ)·x = 0` మిగులుతుంది, లీనియర్ రిగ్రెషన్‌లో చూసిన సమీకరణమే. అంటే పాత పద్ధతి ఎక్కడికీ పోలేదు, దీనిలోనే ఒక ప్రత్యేక సందర్భంగా ఉంది. కొత్తగా చేరినవి రెండే గుణకాలు. ఒకటి లింకు నుంచి వచ్చింది, ఇంకొకటి వేరియన్స్ నుంచి. ఒక బిందువు దగ్గర చెదురు ఎక్కువని V చెబితే, అక్కడి తేడాను V తో భాగించి దాని మాట విలువ తగ్గిస్తాం. చెదురు ఎక్కువున్న చోట పెద్ద తేడా వస్తే ఆశ్చర్యపడాల్సింది లేదన్నదే అందులోని తర్కం.

లాగ్ లింకులో dμ/dη = μ. కాబట్టి మన కణాల ఉదాహరణలో తేడాకు పడే గుణకం μ/V(μ). V స్థిరమైతే అది μ. పాయిజాన్‌లో 1. గామాలో 1/μ. లింకు మూడింటికీ ఒకటే, x తో సంబంధం ఒకటే, మారింది V ఒక్కటే. జవాబులు ఏమయ్యాయో చూద్దాం.

పాయిజాన్‌తో మొదలుపెడదాం, లెక్క అక్కడే అందంగా కుదురుతుంది. రెండు సమీకరణాలు Σ(y − μ) = 0, Σx(y − μ) = 0. అంటే అంచనాల మొత్తం 34 కావాలి, x తో హెచ్చించిన మొత్తం 6 + 48 = 54 కావాలి. μ స్థానంలో m, mr, mr² పెడితే `m(1 + r + r²) = 34`, `m(r + 2r²) = 54`. m ను తొలగిస్తే `14r² − 20r − 54 = 0` అనే వర్గ సమీకరణం మిగులుతుంది. దాని ధన మూలం r = 2.80, అందువల్ల m = 2.91. అంచనాలు 2.91, 8.17, 22.91. మొత్తం 34, డేటాలో ఉన్నంతే.

గామాలో ఇంకా తేలిక. రెండు సమీకరణాలనూ ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే r² = 24/4 = 6 వస్తుంది, r = 2.45. మధ్య బిందువుకు r విషయంలో మాటే లేదు. స్థిర వేరియన్సుకు ఇలాంటి చిన్న దారి లేదు, అంకెల పద్ధతిలో సాధించాలి. r = 3.35 వస్తుంది.

| V(μ) | గంటకు ఎన్ని రెట్లు | అంచనాలు (0, 1, 2 గంటలు) | 3వ గంటకు అంచనా |
|---|---|---|---|
| 1 (గాసియన్) | 3.35 | 2.13, 7.12, 23.83 | 80 |
| μ (పాయిజాన్) | 2.80 | 2.91, 8.17, 22.91 | 64 |
| μ² (గామా) | 2.45 | 3.48, 8.53, 20.90 | 51 |

డేటా ఒకటే, లింకు ఒకటే, a + bx ఒకటే. మూడో గంటకు ఒకటి 80 అంటోంది, ఒకటి 51 అంటోంది. వేరియన్స్ ఫంక్షన్ అనేది ప్రామాణిక దోషాలను మాత్రమే సవరించే చిన్న వివరమని అనుకునేవారు ఈ పట్టిక ముందు కాసేపు ఆగాలి.

అంచనాల వరుసలను దగ్గరగా చూస్తే కారణం తెలుస్తుంది. గాసియన్ గీత 24 ను దాదాపు తాకుతోంది, 23.83. దానికోసం మొదటి బిందువును వదిలేసుకుంది: 4 ఉన్నచోట 2.13 అంటోంది. రెండు కణాల తేడా దాని దృష్టిలో ఎక్కడైనా రెండు కణాలే కాబట్టి, 4 దగ్గర సగానికి సగం తప్పినా దానికి బాధ లేదు. గామా గీత దీనికి తలకిందులు. 4 దగ్గర 3.48 అంటూ దగ్గరగా ఉండి, 24 దగ్గర మూడు కణాలు వదులుకుంది. దానికి శాతమే లెక్క: రెండు చోట్లా పొరపాటు దాదాపు 13 శాతం. పాయిజాన్ గీత ఈ రెండింటికీ మధ్య నిలిచింది.

ఇదే పోలికను y కి లాగ్ తీసుకుని చేసే మామూలు రిగ్రెషన్‌తో పెడితే విషయం పూర్తిగా విప్పుకుంటుంది. అందులోనూ r = 2.45 వస్తుంది, గామాలో వచ్చిందే. ఇంత కచ్చితంగా కలవడం ఈ మూడు సమదూర బిందువుల వల్లే కానీ, దగ్గరదగ్గరగా రావడం మాత్రం యాదృచ్ఛికం కాదు. లాగ్ కొలమానం మీద స్థిరమైన చెదురు అంటే అసలు కొలమానం మీద స్థిరమైన శాతం చెదురు. అంటే y కి లాగ్ తీసుకున్న ప్రతిసారీ మనకు తెలియకుండానే V(μ) = μ² ను ఎంచుకున్నట్టే. m మాత్రం 3.48 కి బదులు 3.40 వస్తుంది, ఇందాక చెప్పుకున్న గుణాత్మక సగటు ప్రభావం అది. ఇక్కడ తేడా రెండున్నర శాతమే. లాగ్ కొలమానం మీద నార్మల్‌గా చెదిరిన డేటాలో ఆ కొలమానపు వేరియన్స్ 1 అయితే, తిరిగి మార్చిన అంచనాను నిజమైన సగటుగా మార్చడానికి 1.65 తో హెచ్చించాల్సివస్తుంది.

యంత్రం లోపల

సాఫ్ట్‌వేర్ ఈ సమీకరణాలను ఎలా సాధిస్తుందో తెలుసుకుంటే జీఎల్ఎం మీద మిగిలిన కాస్త బెరుకూ పోతుంది. లోపల నడిచేది మళ్లీ లీనియర్ రిగ్రెషనే, కాకపోతే భారాలతో, పదేపదే. ప్రతి అడుగులోనూ y కి బదులు `z = η + (y − μ)·dη/dμ` అనే తాత్కాలిక విలువను తీసుకుని, ప్రతి బిందువుకూ `w = (dμ/dη)² / V(μ)` అనే భారం వేసి, z ను x మీద రిగ్రెస్ చేస్తారు. కొత్త a, b లతో μ ను మళ్లీ కట్టి, z, w లను మళ్లీ లెక్కిస్తారు. జవాబు కదలడం ఆగేదాకా ఇలాగే.

లాగ్ లింకులో ఈ భారాలు గాసియన్‌కు μ², పాయిజాన్‌కు μ, గామాకు 1. పట్టికలో చూసినదంతా ఈ మూడు భారాల్లోనే ఉంది. మన డేటాలో గాసియన్ మోడల్ చివరి బిందువుకు మొదటిదానికన్నా దాదాపు 125 రెట్లు ఎక్కువ భారం వేస్తుంది. పాయిజాన్ వేసేది 8 రెట్లు. గామా అందరినీ సమానంగా చూస్తుంది.

పాయిజాన్‌కు ఒక అడుగు వేసి చూద్దాం. మొదట μ తెలియదు కాబట్టి y లనే μ అనుకుందాం. అప్పుడు z లు log 4 = 1.386, log 6 = 1.792, log 24 = 3.178. భారాలు 4, 6, 24. భారిత సగటు x 1.588, భారిత సగటు z 2.723. వాలు 16.277/16.235, అంటే 1.003. దీన్నుంచి r = 2.73. కొత్త μ లతో రెండో అడుగు వేస్తే r = 2.80. వర్గ సమీకరణం ఇచ్చిన జవాబుకు రెండే అడుగుల్లో వచ్చేశాం. ఇదంతా ఆర్ భాషలో ఇలా ఉంటుంది:

```r
x <- 0:2
y <- c(4, 6, 24)
glm(y ~ x, family = gaussian(link = "log"))
glm(y ~ x, family = poisson(link = "log"))
glm(y ~ x, family = Gamma(link = "log"))
```

`family` అన్నచోట మనం నిజానికి ఎంచుకుంటున్నది వేరియన్స్ ఫంక్షన్‌ను. వెడర్‌బర్న్ 1974లో దీన్ని ఇంకా ముందుకు తీసుకువెళ్లి, విభాజనం పూర్తిగా తెలియకపోయినా సగటుకూ వేరియన్సుకూ ఉన్న సంబంధం ఒక్కటి తెలిస్తే ఇవే సమీకరణాలతో అంచనా వేయవచ్చని చూపించాడు. పై సమీకరణాన్ని మరోసారి చూడండి. అందులో విభాజనం ఊసే లేదు, μ, V మాత్రమే ఉన్నాయి.

అవును-కాదు రకం డేటా గురించి కూడా ఒక మాట, ఎందుకంటే చాలామంది జీఎల్ఎంను మొదట కలిసేది లాజిస్టిక్ రిగ్రెషన్ రూపంలో. అక్కడ μ ఒక సంభావ్యత, 0 కీ 1 కీ మధ్య ఉండాలి. లాజిట్ లింకు, అంటే `log(μ/(1 − μ))`, ఆ పని చేస్తుంది. వేరియన్స్ ఫంక్షన్ను మనం ఎంచుకోనక్కరలేదు: y కి 0, 1 తప్ప వేరే విలువ లేదు కాబట్టి V(μ) = μ(1 − μ) తప్పనిసరి. సంభావ్యత 0.5 దగ్గర అది 0.25, 0.02 దగ్గర 0.02 కన్నా కొంచెం తక్కువ. లాజిట్‌కు dμ/dη కూడా సరిగ్గా μ(1 − μ) నే. పై సమీకరణంలో రెండూ కొట్టుకుపోయి `Σ (y − μ)·x = 0` మిగులుతుంది, పాయిజాన్‌లో లాగ్ లింకుకు జరిగినట్టే. ఇలా V ను రద్దు చేసే లింకును కానొనికల్ లింకు అంటారు. లెక్కకు సౌకర్యమే, కానీ అదే వాడాలన్న నియమం లేదు. లింకును గుణకం అర్థాన్ని బట్టి ఎంచుకోవాలి తప్ప, సమీకరణం అందాన్ని బట్టి కాదు.

V సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

పాయిజాన్‌తో వచ్చిన b విలువ 1.031, దాని ప్రామాణిక దోషం 0.267. 95 శాతం విశ్వాస అంతరాన్ని రెట్లలోకి మారిస్తే 1.66 నుంచి 4.73 దాకా వస్తుంది. పట్టికలోని మూడు జవాబులూ అందులోనే ఉన్నాయి. మూడు బిందువులు మూడు V ల మధ్య తీర్పు చెప్పలేవు, చెప్పగలవని ఎవరూ అనకూడదు. తీర్పు చెప్పాలంటే ఒకే x దగ్గర పలుమార్లు కొలిచిన డేటా కావాలి.

అలాంటిది ఉంటే పని సూటిగా సాగుతుంది. ప్రతి గంటకూ ఇరవయ్యేసి నమూనాలు లెక్కపెట్టారనుకోండి. ప్రతి గుంపుకూ సగటు, వేరియన్స్ లెక్కించి, log సగటుకు ఎదురుగా log వేరియన్స్ గీయండి. బిందువులు అడ్డంగా, వాలు లేకుండా పరుచుకుంటే V = 1. వాలు 1 దగ్గరుంటే V = μ. వాలు 2 దగ్గరుంటే V = μ². గుంపులు లేనిచోట, మోడల్ వేశాక `(y − μ)²/V(μ)` విలువలను μ కి ఎదురుగా గీయాలి. V సరైనదైతే అవి ఎటూ వాలకుండా ఒకే మట్టంలో ఉంటాయి. μ పెరిగేకొద్దీ అవీ పెరుగుతుంటే మనం ఎంచుకున్న V చెదురును తక్కువగా చూపిస్తోందని అర్థం.

గణనల డేటాలో తరచు ఎదురయ్యేది ఈ రెండో పరిస్థితే. పాయిజాన్ నియమం సంఘటనలు స్వతంత్రంగా జరుగుతాయన్న ఊహ మీద నిలబడింది. కణాలు గుంపులుగా అతుక్కుని ఉంటే ఒక నమూనాలో చాలా, మరొకదానిలో అసలేమీ కనిపించకపోవచ్చు. వేరియన్స్ సగటును మించిపోతుంది. దీన్ని కనిపెట్టడానికి పై విలువల మొత్తాన్ని, బిందువుల సంఖ్యలోంచి గుణకాల సంఖ్య తీసివేయగా మిగిలినదానితో భాగించాలి. మన ఉదాహరణలో మొత్తం 1.03, భాజకం 3 − 2 = 1. నిష్పత్తి 1 దగ్గరే ఉంది, ఒక్క స్వేచ్ఛాంకంతో దాన్ని నమ్మలేమన్నది వేరే సంగతి. పెద్ద డేటాలో ఈ నిష్పత్తి 4 వస్తే ప్రామాణిక దోషాలు ఉండాల్సినదానిలో సగమే కనిపిస్తున్నాయన్నమాట. ప్రభావమేమీ లేని x లు కూడా అప్పుడు ఘనమైన ఫలితాలుగా కనిపిస్తాయి.

చికిత్స ఏదన్నది చెదురు ఆకారాన్ని బట్టి ఉంటుంది. వేరియన్స్ అంతటా సగటుకు నాలుగు రెట్లుగా ఉంటే φ = 4 అని పెడితే చాలు. గుణకాలు మారవు, ప్రామాణిక దోషాలు రెట్టింపవుతాయి. చిన్న సగటుల దగ్గర వేరియన్స్ సగటుతో సమానంగా ఉండి, పెద్ద సగటుల దగ్గర మాత్రం బాగా మించిపోతుంటే అది నెగెటివ్ బైనామియల్ ఆకారం, V(μ) = μ + μ²/θ. అప్పుడు భారాలే మారతాయి కాబట్టి గుణకాలు కూడా మారతాయి. పెద్ద గణనలకున్న పెత్తనం తగ్గి, జవాబు గామా వైపు జరుగుతుంది.

లింకు తప్పితే కనిపించే లక్షణం వేరు. అప్పుడు వర్గం చేయని తేడాలే ఒక క్రమంలో పడతాయి: మొదట ధనాత్మకం, మధ్యలో రుణాత్మకం, చివర మళ్లీ ధనాత్మకం. మన 4, 6, 24 లలో మూడు మోడళ్లకూ సరిగ్గా ఇదే వరుస కనిపిస్తుంది. నిజమైన డేటాలో ఇరవై బిందువులకు ఇలా వస్తే, కణాలు మొదటి గంటలో విభజనకు సిద్ధమవుతూ ఆగి ఉన్నాయేమోనని అనుమానించాలి. ఏ V తోనూ అది తీరదు, x వైపు మోడల్‌నే మార్చాలి.

ఈ రెండు పొరపాట్లూ సమానమైనవి కావు. లింకూ, a + bx రూపమూ సరిగ్గా ఉండి V ఒక్కటే తప్పితే, డేటా పెరిగేకొద్దీ గుణకాలు నిజమైన విలువల వైపే చేరతాయి. పై సమీకరణంలో y − μ సగటు సున్నా అయినంత కాలం దాన్ని ఏ V తో భాగించినా సున్నా సున్నాగానే ఉంటుంది. పోయేది కచ్చితత్వం, చెడేది ప్రామాణిక దోషం. ఆ దోషాన్ని కూడా తేడాల నుంచే నేరుగా లెక్కించే శాండ్‌విచ్ పద్ధతితో చాలావరకు సరిదిద్దవచ్చు. సగటు రూపం తప్పితే మాత్రం ఎంత డేటా తెచ్చినా గుణకాలు నిజమైన విలువకు చేరవు. పైగా ఏ తప్పుడు విలువ దగ్గర ఆగుతాయో నిర్ణయించేది మళ్లీ V నే. మన పట్టికలో 3.35, 2.80, 2.45 అంతగా విడిపోవడంలో కొంత ఈ సంగతి కూడా ఉండవచ్చు. అందుకే ఒకే లింకుతో రెండు మూడు V లు వేసి చూసినప్పుడు, బోలెడంత డేటా ఉండి కూడా గుణకాలు దూరదూరంగా పడితే, V ల మధ్య ఎంపిక మొదలుపెట్టే ముందు లింకునూ x రూపాన్నీ తిరిగి పరిశీలించాలి.